పదిహేను వేల దగ్గర ఆగిన లెక్క

మా బావగారు 2024 ఆగస్టు చివర రిటైరయ్యారు. హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల కంపెనీలో పాతికేళ్లు పనిచేసి, ప్రొడక్షన్ మేనేజరుగా దిగారు. చివరి నెల బేసిక్కూ డీఏ కలిపి తొంభై వేలు. దండలు వేశారు, శాలువా కప్పారు, వెండి గణపతిని ఇచ్చారు. కొన్ని నెలలకు పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. పీపీఓ అంటారు దాన్ని. కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి చదివారు, తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. తర్వాత కాగితం నా చేతికిచ్చి, "ఇందులో ఒక అంకె ఎక్కడో జారిపోయినట్టుంది, చూడవయ్యా," అన్నారు.

అంకె జారలేదు. నెలకు నాలుగు వేలు కూడా నిండని పెన్షన్ అది.

ఆయన్ని ఎక్కువగా బాధపెట్టింది మొత్తం చిన్నదని కాదు. ఆయనతో పాటు అదే నెలలో చేరి, అదే నెలలో దిగిన ప్యాకింగ్ సెక్షన్ పెద్దాయనకు కూడా అంతే వచ్చింది. ఆ పెద్దాయన బేసిక్ పదిహేను వేల పైన నాలుగైదు వందలు. "ఆయనకు ఎక్కువిచ్చారని నా ఏడుపు కాదు. నాకు ఆయనకంటే ఆరు రెట్లు జీతం ఉండేది కదా, ఆ తేడా ఎక్కడికి పోయింది?" అన్నారు బావగారు.

ఎక్కడికీ పోలేదు. ఆ తేడా మీద పెన్షన్ నిధికి ఎవరూ ఏమీ కట్టలేదు, అందుకే ఆ తేడాకు పెన్షనూ లేదు. జీతం చీటీలో పీఎఫ్ కోత కనబడుతుంది గానీ ఈ సంగతి కనబడదు. అందుకే చాలామందికి ఇది రిటైరయ్యాకే తెలుస్తుంది.

పీఎఫ్ అని మనం ఒక్క మాటలో చెప్పేసే దానిలో నిజానికి రెండు డబ్బాలుంటాయి. ఉద్యోగి జీతంలోంచి కోసే 12 శాతం మొత్తం మొదటి డబ్బాలోకి, అంటే భవిష్యనిధిలోకి వెళుతుంది. అది ఆయన సొంత డబ్బు, వడ్డీతో పెరుగుతుంది, చివర్లో ఒక్కసారిగా చేతికి వస్తుంది. యజమాని కూడా మరో 12 శాతం కడతాడు. అది మాత్రం రెండుగా చీలుతుంది. 8.33 శాతం రెండో డబ్బాలోకి, అంటే 1995 నవంబరు 16 నుంచి అమల్లో ఉన్న ఉద్యోగుల పెన్షన్ పథకంలోకి పోతుంది. మిగిలిన 3.67 శాతం ఉద్యోగి భవిష్యనిధిలో కలుస్తుంది. రెండో డబ్బాకు వడ్డీ లెక్కలుండవు, మన పేరు మీద నిల్వ చూపించరు. అది ఉమ్మడి నిధి. అందులోంచి వచ్చేది మనం కట్టిన డబ్బు కాదు, సూత్రం ప్రకారం ఇచ్చే పెన్షన్.

ఈ 8.33 శాతం దేని మీద? అసలు జీతం మీద కాదు, వేతన పరిమితి మీద. ఆఫీసుల్లో అందరూ సీలింగ్ అంటారు. 2014 సెప్టెంబరు 1 నుంచి ఆ సీలింగ్ 15,000. అంటే బేసిక్కూ డీఏ కలిపి పదిహేను వేలున్నా, తొంభై వేలున్నా, మూడు లక్షలున్నా పెన్షన్ డబ్బాలో నెలకు పడేది 1,250 రూపాయలే. బావగారి తొంభై వేల మీద యజమాని కట్టిన 12 శాతం 10,800. అందులో 1,250 పెన్షన్‌కు పోయింది, మిగిలిన 9,550 ఆయన పీఎఫ్‌లోనే పడింది. కేంద్ర ప్రభుత్వం కూడా పెన్షన్ నిధికి 1.16 శాతం కలుపుతుంది, అదీ సీలింగ్ వరకే. నెలకు 174 రూపాయలు.

ఇచ్చేటప్పుడు ఉన్న గీతే పుచ్చుకునేటప్పుడూ ఉంది. పెన్షన్ లెక్క ఇలా వేస్తారు: పెన్షన్‌కు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి, డెబ్బైతో భాగించాలి. ఆ జీతం అంటే చివరి అరవై నెలల సగటు. అయితే అదీ సీలింగ్‌ను దాటకూడదు. కాబట్టి బావగారి చివరి అయిదేళ్ల సగటు డెబ్బై నాలుగు వేలున్నా, కాగితం మీద దాన్ని పదిహేను వేలుగానే చదువుతారు.

ఈ డెబ్బై అనే అంకెను ఇటుకల లెక్కలో చెబితే బావగారికి సులువుగా ఎక్కింది. ఒక్కో ఏడాది సర్వీసును ఒక్కో ఇటుక అనుకుందాం. పదిహేను వేల సీలింగ్ మీద ఒక ఇటుక విలువ పదిహేను వేలను డెబ్బైతో భాగిస్తే వచ్చేది, అంటే నెలకు 214 రూపాయల పెన్షన్. ఆ ఇటుక కోసం ఏడాది పొడుగునా కట్టింది నెలకు 1,250 చొప్పున 15,000. ఆ మాటకొస్తే బేరం చెడ్డది కాదు. ఏడాదికి పదిహేను వేలు కట్టి, జీవితాంతం నెలకు 214 కొనుక్కున్నట్టు. ఆరేళ్లు పెన్షన్ తీసుకుంటే కట్టింది తిరిగొచ్చేస్తుంది. ఆపైన భార్యకు సగం పెన్షన్ కూడా ఉంటుంది. అసలు చిక్కు ఏమిటంటే, ఇంతకంటే పెద్ద ఇటుక కొనుక్కునే అవకాశం లేదు.

మరి పాతిక ఇటుకలకు పాతిక 214లు రావాలి కదా, అంటే 5,350. నాలుగు వేలు కూడా ఎందుకు రాలేదు? ఇక్కడే రెండో ముడి ఉంది. 2014లో సీలింగ్‌ను 6,500 నుంచి 15,000కు పెంచినప్పుడు, అప్పటికే గడిచిన సర్వీసుకు పాత సీలింగే వర్తిస్తుందని నిబంధన పెట్టారు. 2014 సెప్టెంబరు 1కి ముందు ఏళ్లకు 6,500 మీద, తర్వాత ఏళ్లకు 15,000 మీద లెక్క. దీన్ని ప్రో-రేటా అంటారు. బావగారు 1999 సెప్టెంబరులో చేరారు. కాబట్టి పదిహేను ఇటుకలు పాతవి, పది ఇటుకలు కొత్తవి. పాత ఇటుక విలువ 6,500ను డెబ్బైతో భాగిస్తే 93 రూపాయలు. పదిహేను పాతవి కలిపి 1,393, పది కొత్తవి కలిపి 2,143. మొత్తం 3,536. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసుకు రెండేళ్లు బోనస్‌గా కలుపుతారు. అది కలిపినా నాలుగు వేలు దాటదు.

పాతికేళ్లలో ఆయన తరఫున పెన్షన్ డబ్బాలో పడిందెంతో కూడా చూశాం. మొదటి ఇరవై ఒక్క నెలలు సీలింగ్ 5,000 కాబట్టి నెలకు 417. 2001 జూన్ నుంచి 2014 ఆగస్టు దాకా 541. అక్కడి నుంచి 1,250. అంతా కూడితే రెండు లక్షల నలభై అయిదు వేలకు కాస్త తక్కువ. "పాతికేళ్లకు ఇంతేనా?" అన్నారు. ఇంతే. ప్యాకింగ్ పెద్దాయన పెన్షన్‌లో కూడా అవే పదిహేను పాత ఇటుకలు, అవే పది కొత్త ఇటుకలు. చివరి అయిదేళ్లలో ఆయన జీతమూ సీలింగ్‌ను తాకింది కాబట్టి ఇద్దరి కాగితాల్లోనూ ఒకే అంకె. కాకపోతే పెద్దాయనకు అది చివరి జీతంలో దాదాపు నాలుగో వంతు, బావగారికి నూటికి నాలుగు రూపాయలు.

పత్రికల్లో తరచు కనబడే మాట ఒకటుంది: ఈపీఎస్‌లో గరిష్ఠ పెన్షన్ 7,500 అని. ముప్పై అయిదేళ్ల సర్వీసును పదిహేను వేలతో గుణించి డెబ్బైతో భాగిస్తే వచ్చే అంకె అది. గుణకారంలో తప్పు లేదు. కానీ ముప్పై అయిదు ఇటుకలూ కొత్తవే కావాలంటే, బోనస్ రెండు పోను, 2014 సెప్టెంబరు తర్వాత ముప్పై మూడేళ్లు పనిచేసి ఉండాలి. అంటే 2047. సీలింగ్ మీదే కట్టినవారెవరికీ అంతకు ముందు ఈ సూత్రం ప్రకారం యాభై ఎనిమిదో ఏట ఆ 7,500 నిండదు. ఈ గరిష్ఠం గురించి రాసే వాళ్లలో ఎక్కువమంది ఆ సంవత్సరం మాట రాయరు.

సీలింగ్ కథ 1952లో భవిష్యనిధి చట్టంతో మొదలైంది. అప్పుడది నెలకు 300 రూపాయలు. అంతకు మించి జీతమున్నవాడు తన ముసలితనం తాను చూసుకోగలడని ఆనాటి ఆలోచన. తర్వాత 1957లో 500 అయింది, 1962లో వెయ్యి. అలా మెట్లెక్కుతూ 1994 నాటికి 5,000, 2001లో 6,500, 2014లో 15,000కు చేరింది. ఈ మెట్ల మధ్య దూరం గమనించాలి. 6,500 దగ్గర పదమూడేళ్లు ఆగింది. ఆ పదమూడేళ్లలో హైదరాబాద్ జీతాలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయాయో చెప్పనక్కర్లేదు. సీలింగ్‌ను ధరలతోనో సగటు జీతాలతోనో ముడిపెట్టే ఏర్పాటు మన చట్టంలో లేదు. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే పెరుగుతుంది, ఇవ్వకపోతే అక్కడే ఉంటుంది.

ఫలితంగా 'ఎక్కువ జీతగాడు' అనే మాటకు అర్థం మారిపోయింది. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ పరిధిలోని పనులకు, ఏ-శ్రేణి నగరాల్లో, నైపుణ్యం అక్కర్లేని పనికి కనీస వేతనం రోజుకు 783 రూపాయలు, నెలకు 20,358. ఆ శ్రేణిలో హైదరాబాద్ కూడా ఉంది. అంటే ఊడ్చే పనికి, సరుకు ఎత్తి దించే పనికి చట్టం నిర్ణయించిన కనీస కూలి, పీఎఫ్ చట్టం దృష్టిలో సీలింగ్ దాటిన జీతం. ఒక చట్టం ఇంతకంటే తక్కువిస్తే నేరమంటుంది, ఇంకో చట్టం ఇతను పైతరగతి వాడంటుంది. రెండూ ఒకే కార్మిక శాఖ కింద నడిచేవే.

ఈ వింత వల్ల దెబ్బ తగిలేది కొత్తగా చేరేవాళ్లకు. 2014 సవరణలో ఇంకో నిబంధన కూడా వచ్చింది. ఆ సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్ సభ్యుడయ్యే మనిషి జీతం 15,000 దాటి ఉంటే, అతనికి పెన్షన్ పథకంలోకి ప్రవేశమే లేదు. యజమాని 12 శాతం మొత్తం పీఎఫ్‌లోకే పోతుంది. చిన్న పెన్షన్ కూడా కాదు, పెన్షనే ఉండదు. పదిహేను వేల లోపు జీతంతో చేరి, తర్వాత జీతం పెరిగినవాళ్లకు మాత్రం ఇబ్బంది లేదు. వాళ్లు సభ్యులుగానే ఉంటారు, నెలకు 1,250 పడుతూ ఉంటుంది. ఇద్దరు స్నేహితులు ఒకే ఏడాది, ఒకరు పద్నాలుగు వేల బేసిక్‌తో, ఇంకొకరు పదహారు వేలతో చేరితే, మొదటివాడికి పదేళ్ల సర్వీసు నిండాక పెన్షన్ హక్కు ఉంటుంది, రెండోవాడికి ఉండదు. తర్వాత ఇద్దరూ లక్షలు సంపాదించినా సరే.

ఇది కొన్ని ఆఫీసుల్లో తారుమారవుతుంది కూడా. ఇరవై వేలతో కొత్తగా చేరిన మనిషికి పొరపాటున పెన్షన్ డబ్బాలో 1,250 వేస్తూ పోతారు. ఎవరూ గమనించరు. ఎన్నో ఏళ్లకు డబ్బు తీసుకుందామని క్లెయిమ్ పెట్టినప్పుడు తిరస్కరణ వస్తుంది, అర్హత లేదని. అప్పుడు ఆ డబ్బును పెన్షన్ ఖాతా నుంచి పీఎఫ్ ఖాతాకు మార్పించుకోవడానికి తిరగాలి. ముందే తెలుసుకోవడం కష్టమేం కాదు. ఈపీఎఫ్‌వో పాస్‌బుక్ తెరిస్తే ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షన్ చందా అని మూడు వరసలుంటాయి. మూడో వరసలో ఏమి ఉండాలో, ఏమి ఉందో పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోతుంది. పాత సభ్యుడై ఉండీ అక్కడ సున్నాలుంటే అదీ తప్పే.

ఇంకో అలవాటు కూడా ఉంది, మన ఐటీ కంపెనీల వాళ్లకు బాగా తెలిసినది. జీతం చీటీలో పీఎఫ్ కోత 1,800. బేసిక్ అరవై వేలున్నా 1,800. ఎందుకంటే పీఎఫ్‌కు కూడా సీలింగ్ వరకే 12 శాతం కడితే చాలు, చట్టం ఒప్పుకుంటుంది. బావగారి కంపెనీ అసలు బేసిక్ మీద కట్టింది కాబట్టి ఆయనకు పెన్షన్ చిన్నదైనా పీఎఫ్ పెద్దది. 1,800 వాళ్లకు రెండూ చిన్నవే. వాళ్లలో పాత సభ్యుల విషయంలో యజమాని కట్టే 1,800లో 1,250 పెన్షన్‌కు పోగా పీఎఫ్‌కు మిగిలేది 550. చేతికి జీతం కాస్త ఎక్కువొస్తుందని చాలామంది ఇదే కోరుకుంటారు. అది వాళ్లిష్టం. కానీ అరవై వేల బేసిక్ మనిషి ముసలితనం కోసం నెలనెలా దాస్తున్నది పదిహేను వేల మనిషి దాస్తున్నంతే అన్న సంగతి ఆ 1,800ను చూస్తే తెలియదు.

మరి అసలు జీతం మీదే పెన్షన్‌కు కట్టే దారి లేదా? ఒకప్పుడు ఉండేది. 1996లో పథకానికి ఒక వాక్యం కలిపారు. యజమానీ ఉద్యోగీ ఇద్దరూ కలిసి కోరితే సీలింగ్ దాటిన జీతం మీద కూడా 8.33 శాతం కట్టవచ్చని. ఆ వాక్యం ఉందని తెలిసినవాళ్లు కొద్దిమందే. తర్వాత ఈపీఎఫ్‌వో దానికి గడువు తేదీలు పెట్టింది, కోర్టులు వచ్చాయి. హిమాచల్ ప్రదేశ్ పర్యాటక సంస్థ ఉద్యోగులు వేసిన ఆర్.సి. గుప్తా కేసులో 2016లో సుప్రీంకోర్టు గడువు తేదీ చెల్లదంది. 2014 సవరణనే కేరళ హైకోర్టు 2018లో కొట్టేసింది. చివరికి 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు ఆ సవరణను చాలావరకు నిలబెడుతూనే, 2014 నాటికి సర్వీసులో ఉన్న పాత సభ్యులకు నాలుగు నెలల గడువుతో మరో అవకాశం ఇచ్చింది. ఆ గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2023 జులై 11 దాకా వచ్చింది. 'హయ్యర్ పెన్షన్' అంటూ ఆ వేసవిలో ప్రతి ఆఫీసు క్యాంటీన్‌లో వినిపించింది ఇదే.

బావగారు అప్పుడు సర్వీసులోనే ఉన్నారు. దరఖాస్తు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో అర్థం కావాలంటే లెక్క చూడాలి.

1999లో ఆయన జీతం ఎనిమిది వేలు, 2024లో తొంభై వేలు. ఏటా దాదాపు పదిన్నర శాతం చొప్పున పెరిగిందనుకుందాం. పీఎఫ్ వడ్డీ సగటున ఎనిమిదిన్నర అనుకుందాం. ఇవి ఉజ్జాయింపులే, కాకపోతే రూపం తెలుస్తుంది. ఈ లెక్కన చివరికి ఆయన పీఎఫ్‌లో పోగయ్యేది నలభై ఆరు లక్షల దాకా. హయ్యర్ పెన్షన్ కావాలంటే, పాతికేళ్లుగా అసలు జీతం మీద 8.33 శాతం కట్టి ఉంటే పెన్షన్ డబ్బాలో పడాల్సిన డబ్బును, నిజంగా పడిన డబ్బు పోను, వడ్డీతో సహా ఈ పీఎఫ్ నుంచి వెనక్కి ఇవ్వాలి. అది పన్నెండు లక్షల దాకా తేలింది. బదులుగా పెన్షన్, డెబ్బై నాలుగు వేల సగటు మీద ఇరవై ఏడేళ్లకు నేరుగా సూత్రం ప్రకారం లెక్కిస్తే, ఇరవై ఎనిమిది వేల అయిదు వందలు. ఈపీఎఫ్‌వో ప్రో-రేటా విభజన చేస్తే ఇంకా తగ్గుతుంది, ఆ విభజన మీద తగవులు నడిచాయి కూడా. తగ్గినా చిన్న మొత్తం కాదు.

పన్నెండు లక్షలు ఇచ్చి నెలకు దాదాపు పాతిక వేలు ఎక్కువ. నాలుగేళ్లలో తిరిగొచ్చేస్తుంది. ఇంత లాభం ఎక్కడి నుంచి వస్తోంది? ఇటుకల దగ్గరికే మళ్లీ వెళ్దాం. సీలింగ్ లేకపోతే ఆయన ఒక్కో ఇటుక విలువ డెబ్బై నాలుగు వేలను డెబ్బైతో భాగించగా వచ్చే 1,057 రూపాయలు. చివరి ఏడాది ఇటుకదీ అంతే, 1999 ఇటుకదీ అంతే. కానీ 1999లో ఎనిమిది వేల జీతం మీద ఆ ఏడాదంతా పెన్షన్‌కు కట్టేది సుమారు ఎనిమిది వేలు. ఆ ఎనిమిది వేలకు వడ్డీ కలిపినా, ఇప్పుడు నెలనెలా 1,057 ఇవ్వడానికి ఎన్నాళ్లు సరిపోతుంది? చందా ఆ నాటి చిన్న జీతం మీద, పెన్షన్ ఈ నాటి పెద్ద జీతం మీద. జీతం ఎంత వేగంగా పెరిగితే నిధి నెత్తిన అంత బరువు. ప్యాకింగ్ పెద్దాయనలాంటి వాళ్ల జీతాలు నెమ్మదిగా పెరుగుతాయి, మేనేజర్లవి గబగబా పెరుగుతాయి. ఉమ్మడి నిధిలో ఆ తేడాను మోసేది ఎవరు? సీలింగ్ ఎత్తేస్తే పెద్ద జీతాలవాళ్లు చిన్న జీతాలవాళ్ల డబ్బు తినేస్తారన్న వాదన ఉత్త వంక కాదు. ఈపీఎఫ్‌వో కోర్టుల్లో అంత గట్టిగా కొట్లాడింది ఇందుకే.

నా మట్టుకు నాకు సీలింగ్ ఉండటం తప్పనిపించదు. ఏళ్ల తరబడి కదలకుండా ఉండటమే తప్పు. ఆ రెండూ వేరువేరు సంగతులని చూపించడానికి అమెరికా ఉదాహరణ పనికొస్తుంది, అక్కడ మనవాళ్ల ఇళ్లలో ఇది ఏటా వచ్చే మాటే. సోషల్ సెక్యూరిటీకి అక్కడ ఉద్యోగి 6.2 శాతం, యజమాని 6.2 శాతం కడతారు. అక్కడా సీలింగ్ ఉంది. 1937లో మొదలైనప్పుడు ఏడాదికి 3,000 డాలర్లు, 2025లో 1,76,100 డాలర్లు. 1970ల నుంచి అది సగటు జీతాలతో పాటు దానంతటదే పెరుగుతోంది, ఎవరూ నోటిఫికేషన్ కోసం ఎదురు చూడరు. పెద్ద జీతమున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ మొత్తం ఏడాది మధ్యలోనే సంపాదించేస్తే, అక్కడి నుంచి డిసెంబరు దాకా ఆ కోత ఉండదు, చేతికొచ్చే జీతం ఒక్కసారి లావవుతుంది. జనవరిలో మళ్లీ సన్నబడుతుంది. పెన్షన్ లెక్కలో కూడా చివరి అయిదేళ్లు కాదు, బాగా సంపాదించిన ముప్పై అయిదేళ్లు తీసుకుంటారు. పాత జీతాలను ఇప్పటి స్థాయికి తెచ్చి మరీ లెక్కిస్తారు. పైగా సగటులో మొదటి భాగం మీద 90 శాతం, తర్వాతి భాగం మీద 32, ఆ పైన 15 శాతమే ఇస్తారు. పెద్ద జీతగాడికి పెన్షన్ పెద్దదే వస్తుంది, కానీ జీతమంత నిష్పత్తిలో రాదు. మన పథకంలో ఈ వంపు లేదు. గీత దాకా అందరికీ ఒకటే నిష్పత్తి, గీత దాటాక అందరికీ సున్నా.

మన సీలింగ్‌ను పెంచితే ఏమవుతుంది? ఉదాహరణకు పాతిక వేలు చేశారనుకుందాం. బావగారిలా అసలు బేసిక్ మీద పీఎఫ్ కడుతున్నవారికి నెలకు 1,250 బదులు 2,082 పెన్షన్‌కు పోతుంది. కంపెనీకి ఖర్చు పెరగదు, పెరిగిన 832 ఉద్యోగి పీఎఫ్ వాటాలోంచే పక్క డబ్బాలోకి మారుతుంది. చివర్లో చేతికొచ్చే మొత్తం తగ్గి, నెలనెలా వచ్చేది పెరుగుతుంది. 1,800 పద్ధతిలో ఉన్నవాళ్లకైతే కోత 3,000 అవుతుంది, కంపెనీ ఖర్చూ పెరుగుతుంది. ప్రభుత్వ 1.16 శాతం కూడా పెరుగుతుంది. ఇంతమందికి భారమయ్యే నిర్ణయం కాబట్టే అది బల్ల మీద ఎన్నాళ్లైనా ఉండిపోతుంది. 2014లో చేసినట్టే చేస్తే, పెంపు ఆ తేదీ తర్వాత ఇటుకలకే. అందుకని సీలింగ్ పెంచడం ఒక్కో ఏడాది ఆలస్యమయ్యే కొద్దీ ఒక్కో చిన్న ఇటుక శాశ్వతంగా గోడలో పడిపోతుంది. దాన్ని తర్వాత మార్చరు. ఒకసారి మొదలైన పెన్షన్‌కు ధరలతో పాటు పెరిగే డీఏ కూడా లేదు.

బావగారికి చేతికొచ్చిన పీఎఫ్‌లో ముప్పై లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో పెట్టారు. 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. అసలు అలాగే ఉంటుంది. "పన్నెండు లక్షలు ఇచ్చేసి, నేను రేపే పోతే? మీ అక్కకు సగమే కదా," అన్నది 2023లో ఆయన వాదన. అందులో అర్థం లేకపోలేదు. పీఎఫ్ డబ్బు పిల్లలకు మిగులుతుంది, పెన్షన్ మిగలదు. కానీ ఎనభై అయిదేళ్లు బతికితే? ఆ లెక్క ఆయన వేయలేదు, నేనూ గుచ్చి అడగలేదు. సీలింగ్ చేసే పని ఇదే. గీత పైనున్న జీతాన్ని ఎవరూ లాక్కోరు, కానీ దాన్ని నెలనెలా వచ్చే ఆదాయంగా మార్చుకునే పనినీ, ఎన్నాళ్లు బతుకుతామో ఊహించే పనినీ మన మీదే వదిలేస్తారు.

ఆ సాయంత్రమే మేనకోడలి పాస్‌బుక్ కూడా తెరిపించారు బావగారు. 2017లో పద్నాలుగు వేల బేసిక్‌తో మొదటి ఉద్యోగం. పెన్షన్ వరసలో నెలకు 1,166 చొప్పున మూడేళ్లు పడింది. ఆ తర్వాత సున్నా, సున్నా, సున్నా.

"ఇదేంటే, నీకు ఆగిపోయింది?"

"ఆ కంపెనీ మానేసినప్పుడు పెన్షన్ డబ్బులు కూడా తీసేసుకున్నా నాన్నా. 10-సి ఫారం పెట్టమన్నారు, పెట్టా."

తీసేసుకుంటే పాత సభ్యత్వం ముగిసినట్టే. డబ్బు తీయకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని ఉంటే ఆ మూడేళ్లూ అలాగే నిలిచేవి. కొత్త ఉద్యోగంలో బేసిక్ ముప్పై రెండు వేలు. కొత్త సభ్యురాలు, సీలింగ్ దాటిన జీతం, కాబట్టి పెన్షన్ పథకంలోకి మళ్లీ దారి లేదు. బావగారు ఫోన్ స్క్రీను కిందకీ పైకీ జరుపుతూ కాసేపు చూశారు.

"ఆ డబ్బులేం చేశావ్?"

"స్కూటీకి డౌన్ పేమెంట్ కట్టాను కదా. మొన్న నువ్వు కూరగాయలకు తీసుకెళ్లావే, అదే."